ఐడియాల కోసం కోర్సులో చేర్చాలా?

"మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. గాజువాకలో ఉంటాం. ముగ్గురు స్నేహితులతో కలిసి హ్యాకథాన్‌కి పేరిచ్చాడు. చేపలమ్మేవాళ్లకి పనికొచ్చేది చేస్తారట, కానీ వాడికి ఐడియాలు రావు. స్కాంపర్, రివర్స్ బ్రెయిన్‌స్టార్మింగ్‌లో ఏది మంచిదండీ? ఇన్నోవేషన్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించమంటారా?"

కోర్సు వద్దండీ. ఈ రెండు పద్ధతులూ ఒక మధ్యాహ్నం కూర్చుంటే వచ్చేస్తాయి. ఇలాంటి సర్టిఫికెట్ల మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఇంటర్వ్యూలో "మీ టీమ్ ఏ ఐడియాని వదిలేసింది, ఎందుకు?" అని అడిగితే ఆ కాగితం జవాబు చెప్పదు.

ముందు రివర్స్ పద్ధతి పట్టమనండి. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని వీధుల్లో అమ్మే ఆమె దగ్గర థర్మాకోల్ పెట్టె ఉంటుంది కదా. "చేప ఎలా పాడవకుండా ఉంటుంది?" అని కాకుండా, "మధ్యాహ్నంలోపు చేపని పాడుచేయాలంటే ఏం చేయాలి?" అని అడగాలి. మొదటి అయిదు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. అందరూ ఒకేసారి మాట్లాడితే గట్టిగా మాట్లాడేవాడి ఐడియాలే మిగులుతాయి.

ఐస్ అడుగున మాత్రమే వేయాలి, కరిగిన నీళ్లలోనే చేపని నానబెట్టాలి, బేరానికి వచ్చిన ప్రతివాళ్లకీ మూత తీసి చూపించాలి... ఇలాంటివి నవ్వుతూ రాస్తారు. చాలా టీమ్‌లు ఆ నవ్వు దగ్గరే ఆగిపోతాయి. అసలు పని ఒక్కోదాన్నీ తిప్పడం. అదీ ఉత్త వ్యతిరేకంగా కాదు. "మూత తీయొద్దు" అంటే చేప చూడకుండా ఎవరు కొంటారు? "తీయకుండా ఎలా చూపించాలి?" అంటే దారి దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పెట్టె మీద స్కాంపర్ పెట్టాలి. ఇది ఏడు ప్రశ్నల జాబితా. బ్రెయిన్‌స్టార్మింగ్‌కి ఆద్యుడైన అలెక్స్ ఆస్బర్న్ ప్రశ్నల్ని బాబ్ ఎబెర్లీ అనే విద్యావేత్త 1971లో ఇలా సర్దాడు: ఒకదాని బదులు ఇంకొకటి పెట్టు, కలుపు, వేరేచోటి పద్ధతి తెచ్చుకో, పెంచు లేదా తగ్గించు, ఇంకో పనికి వాడు, తీసేయ్, తిరగేయ్. "కలుపు" దగ్గర మూతే చేప కోసే పలక అవుతుందేమో. "పెంచు" దగ్గర అడుగున జల్లెడలాంటి పళ్లెం, దాని కింద నీళ్లు పోయే రంధ్రం రావచ్చు. కొన్ని ప్రశ్నలకి ఏమీ రాదు, దాటేయమనండి.

స్కాంపర్‌కి చేతిలో ఒక వస్తువో, ఒక పనో ఉండాలి. "మత్స్యకారుల సమస్య" మీద పెడితే గాలి మాటలే వస్తాయి. జవాబులో "యాప్", "అవగాహన" తప్ప పట్టుకోదగింది లేకపోతే ఆ పొరపాటే జరిగిందన్నమాట.

ఇక మీ మాట. "వాడికి ఐడియాలు రావు" అని వాడి ముందు ఎన్నిసార్లు అన్నారు? పిల్లాడు నోరు తెరవగానే "ఇది జరిగే పనేనా" అనే పెద్దాయన ఇంట్లో ఉంటే ఏ పద్ధతీ పనిచేయదు. రెండో ఏడాదిలో ఐడియా ఒక్కసారికే రాకపోవడం మామూలే, టెన్షన్ పడకండి. నలుగురూ మీ ఇంట్లో కూర్చునే రోజున మీరు బయటికి వెళ్లండి. వాళ్లని మాత్రం తెల్లవారుజామున హార్బర్‌కి పంపండి, ఆ పెట్టె మూత రోజుకి ఎన్నిసార్లు తెరుస్తుందో చేపలమ్మే ఆమెనే అడిగి రమ్మనండి.