కడ్డీతోపాటు కదిలితే బలం ఎక్కడి నుంచి వస్తుంది?

"హన్మకొండలో మా కాలేజీ ల్యాబులో 0.2 టెస్లా అయస్కాంత ధ్రువాల మధ్య 10 సెంటీమీటర్ల కడ్డీని సెకనుకు 2 మీటర్ల వేగంతో అడ్డంగా కదిపాం. లెక్కలో విద్యుత్, అయస్కాంత బలాలు రెండూ కలిపితే 80 మిల్లీవోల్టులు వస్తోంది, మీటరు 40 చూపుతోంది. ఎందుకు?"

మిత్రమా, మీటరు చూపినదే సరైనది. మీరు రెండు నిర్దేశ చట్రాల, అంటే దేన్ని నిశ్చలంగా భావించి చూస్తున్నామో ఆ దృక్కోణాల, బలాలను ఒకే లెక్కలో కలిపారు. అయస్కాంతం నిశ్చలంగా ఉన్న చట్రంలో విద్యుత్ క్షేత్రం E = 0 కనుక, కడ్డీలోని ఆవేశాన్ని నెట్టేది అయస్కాంత బలం qv × B ఒక్కటే. కడ్డీ చట్రంలోకి మారితే, అక్కడ అయస్కాంత క్షేత్రం ఉన్నప్పటికీ, ఆవేశం నిశ్చలంగా ఉండటం వల్ల ఆ క్షేత్రం దానిని నెట్టలేదు; నెట్టేది E′ = γ(v × B) అనే విద్యుత్ క్షేత్రం; ఇందులో γ అనేది వేగాన్ని బట్టి మారే సాపేక్షతా గుణకం. ఆ క్షేత్రం విలువ మీటరు పొడవుకు 0.4 వోల్టులు, కనుక కడ్డీ పొడవుకు 40 మిల్లీవోల్టులే. ఈ వేగంలో γ విలువ 1 కన్నా దాదాపు 2 × 10⁻¹⁷ మాత్రమే ఎక్కువ కాబట్టి, ఆ తేడాను ఏ ల్యాబు మీటరూ పట్టుకోలేదు.