రేపటి అంచనాకు ఎంఏఈ చెప్పాలా, ఆర్‌ఎంఎస్‌ఈ చెప్పాలా, ఆర్-స్క్వేర్డ్ చెప్పాలా?

ప్రశ్న: విజయవాడలో ఒక క్యాటరింగ్ సంస్థ కోసం మర్నాటి భోజనాల సంఖ్యను అంచనా వేసే రిగ్రెషన్ మోడల్ తయారు చేశాను. ఆర్-స్క్వేర్డ్ 0.94 వచ్చింది. యజమానికి చూపిస్తే, "అయితే రోజుకు ఎన్ని భోజనాలు తేడా వస్తుంది?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఎంఏఈ, ఆర్‌ఎంఎస్‌ఈలలో దేన్ని నమ్మాలి?

జవాబు:

మీ యజమాని అడిగిన ప్రశ్న సరైనది. ఆ ప్రశ్నకు ఆర్-స్క్వేర్డ్ దగ్గర జవాబు లేదు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి రెండు సీజన్ల పాటు ఇలాంటి అంచనాలే తయారు చేశాను. నాకు ఈ విషయం అక్కడే అర్థమైంది కాబట్టి ఆ లెక్కనే మీ ముందు పెడతాను. అంకెలను చేతితో సరిచూసుకోవడానికి వీలుగా గుండ్రంగా మార్చాను.

మర్నాడు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించాలో, ఎన్ని ఎత్తాలో ముందు రోజు సాయంత్రానికే చెప్పడం నా పని. ఆ సంఖ్యను బట్టి గుమాస్తా ముఠా మేస్త్రీకి ఫోన్ చేసి ఎంతమంది హమాలీలు కావాలో చెబుతారు. నా దగ్గర రెండు మోడళ్లు ఉండేవి. పది రోజుల పాటు రెండింటినీ పక్కపక్కనే నడిపి, ఏ రోజు ఎన్ని టిక్కీలు తప్పాయో రాసుకున్నాను. మొదటి మోడల్ తొమ్మిది రోజులు చాలా దగ్గరగా చెప్పింది. వాటిలో ఐదు రోజులు 20 టిక్కీల తేడా, నాలుగు రోజులు 30 టిక్కీల తేడా. మిగిలిన ఒక్క రోజు మాత్రం 380 టిక్కీలు తక్కువ చెప్పింది. రెండో మోడల్‌కు అంత మంచి రోజూ లేదు, అంత చెడ్డ రోజూ లేదు. ఐదు రోజులు 70, ఐదు రోజులు 80 తేడా వచ్చింది.

ఎంఏఈ అంటే ఈ తేడాల సగటు, అంతే. కూడికలో ఎక్కువ, తక్కువ ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా గుర్తు తీసేసి కూడతాం. మొదటి మోడల్‌కు మొత్తం తేడా 600, అంటే రోజుకు 60 టిక్కీలు. రెండోదానికి మొత్తం 750, అంటే రోజుకు 75. ఈ లెక్కన మొదటిదే మెరుగు.

ఆర్‌ఎంఎస్‌ఈలో ప్రతి తేడానూ వర్గం చేసి, వాటి సగటు తీసి, దానికి వర్గమూలం కడతాం. ఆ 380 ఒక్కటే వర్గం చేస్తే 1,44,400 అవుతుంది. మిగిలిన తొమ్మిది రోజుల వర్గాలూ కలిపినా 5,600 మాత్రమే. మొత్తం 1,50,000ను పదితో భాగించి మూలం తీస్తే సుమారు 122 వస్తుంది. రెండో మోడల్‌కు ఇదే లెక్క చేస్తే సుమారు 75. ఇప్పుడు రెండోదే మెరుగు, అదీ చాలా తేడాతో.

```python
import numpy as np

e = y_true - y_pred
mae = np.mean(np.abs(e))
rmse = np.sqrt(np.mean(e**2))
```

ఒకే పది రోజులకు రెండు కొలతలు రెండు తీర్పులిచ్చాయి. ఏది సరైనదో గణితం చెప్పలేదు, గుమాస్తా చెప్పారు. ఆయన దగ్గర కూర్చుని, "నేను 50 టిక్కీలు తక్కువ చెబితే ఏమవుతుంది? 400 తక్కువ చెబితే ఏమవుతుంది?" అని విడివిడిగా అడిగాను. వంద వరకూ పెద్ద ఇబ్బంది లేదన్నారు. ఉన్న ముఠాయే మరికాసేపు ఉండి దించేస్తుంది, టిక్కీకి ఐదు రూపాయలు అదనంగా ఇస్తే సరిపోతుంది. వంద దాటితే కథ మారిపోతుంది. చీకటి పడ్డాక రెండో ముఠాను వెతకాలి, లారీలు గేటు బయట ఆగిపోతాయి, వాటికి హాల్టింగ్ చార్జీ కట్టాలి. ఆ పైన ఉన్న ప్రతి టిక్కీకీ దాదాపు 40 రూపాయలు పడుతుందని లెక్క చెప్పారు.

తేడాలన్నీ తక్కువ చెప్పినవే అనుకుని ఆ ధరలను నా పది రోజులకు వేసి చూశాను. మొదటి మోడల్ తొమ్మిది మంచి రోజులకూ కలిపి అయిన ఖర్చు 1,100 రూపాయలు. ఆ ఒక్క చెడ్డ రోజుకు 11,700. మొత్తం 12,800 రూపాయలు. రెండో మోడల్ పది రోజులకూ కలిపి 3,750 రూపాయలు. ఎంఏఈని నమ్మి మొదటి మోడల్‌ను ఎంచుకుని ఉంటే, సగటున దగ్గరగా చెబుతూనే మూడు రెట్లకు పైగా నష్టం తెచ్చిపెట్టేవాణ్ని. తేడా రెట్టింపైతే నష్టం రెట్టింపు కంటే ఎక్కువయ్యే చోట ఆర్‌ఎంఎస్‌ఈ నిజానికి దగ్గరగా ఉంటుంది.

అదే కోల్డ్ స్టోరేజీలో, అదే అంచనాతో మరో పని కూడా జరిగేది. సాయంత్రం కూలీ చెల్లించడానికి అకౌంటెంట్ ఎంత నగదు తెప్పించాలో ఆ సంఖ్యను బట్టే నిర్ణయించేవారు. అక్కడ 380 టిక్కీల తేడా వచ్చినా పిడుగేమీ పడదు. తక్కువైన డబ్బు యజమాని ఇంటి నుంచి వస్తుంది, ఎక్కువైతే బీరువాలో ఉంటుంది. తేడా ఎంతో ఇబ్బందీ అంతే, రెట్టింపైతే రెట్టింపే. ఆ ప్రశ్నకు ఎంఏఈయే సరైన కొలత, మొదటి మోడలే సరైన మోడల్. అందుకే "నా మోడల్‌కు ఏ మెట్రిక్ మంచిది?" అన్న ప్రశ్న నాకు అసంపూర్ణంగా కనిపిస్తుంది. మోడల్‌కు కాదు, ఆ అంకెతో తీసుకునే నిర్ణయానికి కొలత కావాలి.

ఇక మీ 0.94 సంగతి. ఆర్-స్క్వేర్డ్ మీ మోడల్‌ను ఒక ఊహాజనిత ప్రత్యర్థితో పోలుస్తుంది. ఆ ప్రత్యర్థి ప్రతి రోజూ సగటునే చెబుతుంటుంది. సూత్రాన్ని ఇలా రాసుకుంటే విషయం తేలికగా కనిపిస్తుంది:

```
R² = 1 − (RMSE_model / RMSE_mean)²
```

సీజన్‌లో మా దగ్గర టిక్కీల సంఖ్య రోజుకో రకంగా ఊగేది. సగటునే చెప్పి ఊరుకుంటే ఆర్‌ఎంఎస్‌ఈ 300 వచ్చేది. నా రెండో మోడల్‌ది 75. 75ను 300తో భాగిస్తే పావు, దాని వర్గం పదహారో వంతు, కాబట్టి ఆర్-స్క్వేర్డ్ 0.94. సరిగ్గా మీ అంకే. వానాకాలానికి రాకపోకలు సద్దుమణిగాయి. అప్పుడు సగటు చెప్పినా ఆర్‌ఎంఎస్‌ఈ 80 దాటేది కాదు. నా మోడల్ తప్పు మాత్రం అదే 75. ఆర్-స్క్వేర్డ్ 0.12కు పడిపోయింది. మోడల్ చెడిపోయిందని రెండు రోజులు డేటా అంతా తిరగేశాను. చెడిపోయింది ఏమీ లేదు, హమాలీల విషయంలో గుమాస్తా పడే ఇబ్బంది ఒక్క టిక్కీ కూడా మారలేదు. మారింది ప్రత్యర్థి బలం. సగటు చెప్పడమే ఆ నెలల్లో మంచి అంచనా అయిపోయింది. ఆ నెలల్లో మోడల్ అవసరం ఎంతన్నది కూడా ఆ 0.12 చెబుతోంది, ఆర్-స్క్వేర్డ్‌కు ఉన్న నిజమైన ఉపయోగం అది. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు శాఖల్లో పనితీరును పోల్చడానికి మాత్రం దాన్ని వాడకండి.

పైగా, ఆచరణలో ఎవరూ సగటు చెప్పరు. మా గుమాస్తా అంచనా "నిన్న వచ్చినన్నే వస్తాయి" అన్నది. మీ సంస్థలోనూ వంట మేస్త్రీకి ఇలాంటి లెక్క ఏదో ఉండి తీరుతుంది, బహుశా "పోయిన వారం ఇదే రోజున ఎన్ని అయ్యాయో అన్ని" అని. ఆ లెక్కకు కూడా అవే రోజుల మీద ఎంఏఈ, ఆర్‌ఎంఎస్‌ఈ కట్టి మీ మోడల్ పక్కన పెట్టండి. మీ యజమానికి అర్థమయ్యే పోలిక అదే.

ఆర్‌ఎంఎస్‌ఈని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అది పెద్ద తప్పులకు ఎంత విలువ ఇస్తుందో, టైపింగ్ పొరపాట్లకూ అంతే ఇస్తుంది. ఒకసారి రిజిస్టరులోని 860 కంప్యూటర్‌లో 8600గా ఎక్కింది. ఆ ఒక్క వరుసతో నెల మొత్తం ఆర్‌ఎంఎస్‌ఈ వేలలోకి వెళ్లింది, ఎంఏఈ మాత్రం కొన్ని వందలు పెరిగింది. కాబట్టి ఆర్‌ఎంఎస్‌ఈ ఎంఏఈకి చాలా పైన కనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకుండా, అతి పెద్ద తేడాలు వచ్చిన నాలుగైదు రోజులను తీసి అసలు కాగితంతో సరిచూడండి. అన్ని తేడాలూ ఒకే పరిమాణంలో ఉంటే రెండు కొలతలూ సమానమవుతాయి. మధ్యలో ఖాళీ పెరిగిన కొద్దీ కొన్ని రోజులు మిగతావాటికి భిన్నంగా ఉన్నాయని అర్థం. మా 380 తేడా టైపింగ్ పొరపాటు కాదు. అది సోమవారం. మిర్చి యార్డు వారాంతపు సెలవు ముగిశాక లారీలు ఒక్కసారిగా వచ్చాయి. మొదటి మోడల్‌కు నిన్నటి సంఖ్య తెలుసు కానీ, నిన్న సెలవని తెలియదు. సెలవు తర్వాతి రోజు అన్న గుర్తును డేటాకు కలిపాక ఆ తేడా బాగా తగ్గింది. మీకైతే ముహూర్తాల రోజులు ఇలా బయటపడతాయనుకుంటున్నాను.

శిక్షణ సమయంలో ఏ తప్పును తగ్గించమన్నారో కూడా చూసుకోండి. ఐదు రోజులు 700, 720, 750, 760, 1570 వచ్చాయనుకోండి. ఒకే సంఖ్య చెప్పమంటే, ఎంఏఈని తగ్గించే మోడల్ మధ్య విలువ 750 చెబుతుంది. వర్గాల తప్పును తగ్గించేది సగటు 900 చెబుతుంది. రోజువారీ పనికి 750 నయం కావచ్చు. కానీ ఆ అంచనాలనే కూడి ఐదు రోజుల సరుకు కొనాలనుకుంటే 3,750 వస్తుంది, అసలు అవసరమైనది 4,500. మొత్తాలు కావలసిన చోట ఎంఏఈతో శిక్షణ ఇచ్చిన మోడల్ ఇలా ఒకే వైపుకు తప్పుతుంది.

చివరిగా, మీ వ్యాపారంలో ఈ మూడు కొలతలకూ కనిపించని సంగతి ఒకటి ఉంది: దిశ. యాభై భోజనాలు మిగిలితే అన్నం, కూరల ఖర్చు పోతుంది. యాభై తక్కువైతే పంక్తిలో కూర్చున్న వాళ్లు విస్తరి ముందు ఎదురుచూడాలి. ఎంఏఈకీ, ఆర్‌ఎంఎస్‌ఈకీ ఈ రెండూ ఒకటే. అందుకని ముందుగా మీ యజమానిని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు రూపాయల్లో రాసుకోండి: 20 మిగిలితే ఎంత, 100 మిగిలితే ఎంత, 20 తక్కువైతే ఎంత, 100 తక్కువైతే ఎంత. ఆ ధరలతో మీ గత నెల అంచనాల మీద ఖర్చు కట్టండి. దానితో పాటు రోజుకు సగటు తేడాగా ఎంఏఈని, అతి చెడ్డ రోజున వచ్చిన తేడాను ఆయనకు చెప్పండి. ఆ నాలుగు జవాబులూ ఇక్కడ రాస్తే, ఏ కొలతతో మోడల్‌ను ఎంచుకోవాలో కలిసి లెక్క వేద్దాం.