వాటర్‌మార్క్ కనబడకపోతే మనిషి రాసినట్టేనా?

“విద్యార్థి వ్యాసాన్ని వాటర్‌మార్క్ పరీక్షకు పెడితే ‘లేదు’ అని వచ్చింది. అతనే రాశాడని నమ్మవచ్చా?”

నమ్మకండి, అనుమానించనూ వద్దు. ఆ ఫలితం ఎటూ తేల్చదు.

వాటర్‌మార్క్ అంటే ఏఐ భాషా మోడల్ తాను రాసినదాంట్లో కంటికి కనబడకుండా వదిలే గుర్తు. అదెలా పెడతారో తెలియాలంటే 2023లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతిని చూడండి. మోడల్ ప్రతి టోకెన్‌కు, అంటే మాటకో మాటముక్కకో ముందు, అంతకు మునుపటి టోకెన్ ఆధారంగా ఒక రహస్య కీతో పదజాలాన్ని పచ్చ, ఎరుపు జాబితాలుగా విడగొడుతుంది. పచ్చవాటికి కాస్త మొగ్గు చూపుతుంది. చదివేవారికి తేడా తెలియదు. కీ ఉన్నవారు మాత్రం పచ్చవాటిని లెక్కపెట్టగలరు.

జాబితాలు సగం సగమైతే, వాటర్‌మార్క్ లేని 200 టోకెన్లలో దాదాపు 100 పచ్చవి ఉంటాయి. ఏడు అటూ ఇటూ కావడం మామూలే. 142 వస్తే ఆ మామూలు తేడాకు ఆరింతలు, కాకతాళీయం అనలేం. 106 వస్తే అందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు.

మీకు వచ్చింది ఈ రెండో రకం. అతను నిజంగానే రాసి ఉండవచ్చు. వాటర్‌మార్క్ పెట్టని మోడల్‌ను గానీ, వేరే కీ ఉన్న మోడల్‌ను గానీ వాడి ఉండవచ్చు. మోడల్ ఇచ్చినదాన్ని తన మాటల్లో తిరగరాసినా, అనువదించినా పచ్చ లెక్క పడిపోతుంది. వ్యాసం మరీ చిన్నదైతే అసలు లెక్కకే బలం ఉండదు.

రేపు ‘ఉంది’ అని వచ్చినా తొందరపడకండి. ఆ కీ ఉన్న మోడల్ నుంచి వాక్యాలు వచ్చి ఉంటాయని మాత్రమే దాని అర్థం. తన చిత్తుప్రతిని భాష సరిదిద్దమని ఇచ్చినా అదే ఫలితం రావచ్చు. ఆలోచన ఎవరిదో తెలియాలంటే చిత్తుప్రతులు అడిగి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించండి.