శూర్పణఖ వైపు నుంచి కథ చెప్పేటప్పుడు

చిరంజీవి శారదకు పెద్దమ్మ ఆశీస్సులు.

అరణ్యకాండ కథను శూర్పణఖ నోట చెప్పించాలనుకుంటున్నానని రాశావు. ముందు వాల్మీకంలో ఆమె కనిపించే చోట్లన్నీ చదివి, జరిగిన సంగతులను ఒక పక్కా, వాటిపై కవి చూపును మరో పక్కా రాసుకో. ఆమె పంచవటికి రాగానే కవి రాముడి చక్కని ముఖం పక్కన ఆమె వికృత ముఖాన్నీ, అతని సన్నని నడుము పక్కన ఆమె పెద్ద పొట్టనూ పెట్టి పోలుస్తాడు. ఆ పోలిక కథకుడిది కనుక నీ కథలో ఉండనక్కరలేదు. తనకు పెళ్లయిందని చెప్పి రాముడు ఆమెను తమ్ముడి దగ్గరకు పంపడం, తాను దాసుణ్ణంటూ లక్ష్మణుడు తిరిగి అన్న దగ్గరకే పంపడం మాత్రం జరిగిన సంగతులు. వాటి జోలికి పోకు. అన్నదమ్ములది పరిహాసమని పాఠకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె కళ్లతో చూపితే, ఒక్క సంభాషణా మార్చకుండానే ఆ నవ్వులాట అవమానంగా మారుతుంది.

ఆ వెంటనే ఆమె సీతను తినేస్తానంటూ మీదికి ఉరుకుతుంది, అప్పుడే ముక్కుచెవులు పోతాయి. ఈ ఉరకడాన్ని దాచేసి ఆమెను ఏ పాపమూ ఎరుగని మనిషిగా చేయాలన్న ఆశ నీకు తప్పక కలుగుతుంది. దాచావంటే, మూలం తెలిసిన పాఠకుడు ఆ తర్వాత నువ్వు చెప్పే దేన్నీ నమ్మడు. ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెచేతే చెప్పించు. సరైనదని ఒప్పించే పని పెట్టుకోకు.

అందుకు ఉత్తరకాండ పనికొస్తుంది. కాలకేయులతో యుద్ధంలో రావణుడు ఆమె భర్త విద్యుజ్జిహ్వుణ్ణి చంపుతాడు. ఆమె ఏడుస్తూ నిలదీస్తే ఓదార్చి, ఖరుడిని తోడిచ్చి దండకారణ్యానికి పంపుతాడు. ఇది మనసులో పెట్టుకుని, లంకకు వెళ్లి ఆమె సీత అందాన్ని వర్ణించే ఘట్టం మళ్లీ చదువు. అన్న సాయం కోసం వెళ్లిందా, భర్తను చంపినవాణ్ణి చావు వైపు నెట్టిందా అన్నది వాల్మీకి చెప్పలేదు. నీకు స్వేచ్ఛ ఉన్నది సరిగ్గా అక్కడే. అయితే రెండో దారి పడితే రావణుడి కథ మొత్తం మారిపోతుంది, సీత ఆ పగలో పావు అవుతుంది. ఆ బరువును శూర్పణఖ ఎలా మోస్తుందో కూడా నువ్వే రాయాలి.

ఇక ఏ కాలంలో నిలబడి మాట్లాడుతుందో తేల్చుకో. ఓల్గా ‘విముక్త’ సంపుటిలోని ‘సమాగమం’ చదివే ఉంటావు. అందులో సీత వాల్మీకి ఆశ్రమంలో ఉన్న రోజుల్లో, తోట పెంచుకుంటున్న శూర్పణఖను కలుసుకుంటుంది. ముక్కు కోసిన క్షణం అప్పటికి ఏళ్ల వెనకటిది కనుక, కథ పగను వదిలి ఇద్దరు స్త్రీల మాటలుగా సాగగలిగింది. నువ్వు గాయం పచ్చిగా ఉన్నప్పుడే మాట్లాడిస్తే ఆ నిదానం రాదు, వేడి వస్తుంది. నాకు వేడే ఇష్టం గానీ అది కథ పొడవునా నిలవడం కష్టం. పైగా అప్పటికి మాయలేడి సంగతి గానీ అశోకవనం సంగతి గానీ ఆమెకు తెలియదు కాబట్టి, వాటిని ఆమె నోట పలికించకూడదు.

పంచవటి ఘట్టం ఒక్కటే ముందు రాసి పంపు. అందులో సీత ఏం చేస్తోందో శూర్పణఖ గమనించిందా లేదా అన్నది నేను మొదట చూస్తాను.

మీ పెద్దమ్మ