1.74 లెన్స్ అడిగే ముందు ఫ్రేమ్ వెడల్పు చూడండి

ప్రశ్న: నా వయసు 29. రెండు కళ్లకూ మైనస్ 4.50 సైటు, సిలిండర్ లేదు. వెడల్పాటి చదరపు ఫ్రేమ్ ఒకటి బాగా నచ్చింది. దాని కాడ లోపల 56-18 అని ఉంది. అంచులు లావుగా కనపడకూడదంటే 1.74 లెన్స్ తీసుకోవాలని, దానికి యాంటీ గ్లేర్, బ్లూ కట్, యూవీ కోటింగ్ వేయించుకోవాలని షాపులో చెప్పారు. ఆన్‌లైన్‌లో అలాంటిదే దాదాపు సగం ధరకు కనిపిస్తోంది. రోజూ ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందే పని. దేనికి డబ్బు పెట్టాలి? ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా? నా పీడీ 62 అని చీటీలో రాశారు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పీడీ కూడా రాసి పంపడం మంచిదైంది. చాలామంది పవర్ ఒక్కటే రాస్తారు. పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. మీ విషయంలో అంచు ఎంత లావుగా వస్తుందన్నది పవర్ తర్వాత ఎక్కువగా ఈ అంకె మీదా, ఆ 56-18 మీదా ఆధారపడి ఉంది. ఇండెక్స్, అంటే లెన్స్ పదార్థం వెలుతురును ఎంతగా వంచుతుందో చెప్పే 1.60, 1.74 లాంటి అంకె, ఆ తర్వాతే.

56 అంటే ఒక్కో అద్దం వెడల్పు, 18 అంటే ముక్కు మీద రెండు అద్దాల మధ్య ఖాళీ. రెండూ కలిపితే 74. అంటే ఆ ఫ్రేమ్‌లో ఒక అద్దం నడిమధ్య నుంచి రెండో అద్దం నడిమధ్యకు 74 మిల్లీమీటర్లు. మీ కంటిపాపల మధ్య దూరం 62 మాత్రమే. కాబట్టి మీ చూపు అద్దం నడిమధ్యలోంచి కాకుండా ఒక్కో వైపు 6 మిల్లీమీటర్లు ముక్కు వైపుగా వెళుతుంది. లెన్స్‌లో అతి పల్చటి చోటును అక్కడికే జరిపి కోస్తారు. దాంతో చెవి వైపు అంచు ఆ చోటుకు 28కి 6 కలిపి 34 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా, అంచుకు పోయేకొద్దీ లావుగా ఉంటుంది. ఆ లావు దూరంతో సమానంగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది. దూరం రెట్టింపైతే మధ్య నుంచి అంచుకు పెరిగే మందం నాలుగింతలన్నమాట.

మీ మైనస్ 4.50కి నేను లెక్క కట్టి చూశాను. మధ్యలో మందం 1.5 మిల్లీమీటర్లు అనుకుందాం. మీరు ఎంచుకున్న వెడల్పాటి ఫ్రేమ్‌లో 1.60 లెన్స్ వేస్తే చెవి వైపు అంచు సుమారు 5.8 మిల్లీమీటర్లు వస్తుంది. 1.67 వేస్తే 5.4, షాపు వాళ్లు చెప్పిన 1.74 వేస్తే 5.0. అంటే 1.60 నుంచి 1.74కి ఎక్కితే మీకు మిగిలేది ఒక మిల్లీమీటరు కంటే తక్కువ.

ఇప్పుడు అదే మీరు 48-18 ఉన్న ఫ్రేమ్ తీసుకున్నారనుకోండి. మధ్య నుంచి మధ్యకు 66, మీ పీడీకి తేడా ఒక్కో వైపు 2 మాత్రమే, అంచు దూరం 26. అందులో మామూలు 1.60 లెన్స్ వేసినా అంచు సుమారు 4.0 వస్తుంది. వెడల్పాటి ఫ్రేమ్‌లో ఖరీదైన 1.74 కంటే ఇది ఒక మిల్లీమీటరు పల్చన. అన్నిటికంటే చవకైన 1.50 ప్లాస్టిక్ లెన్స్‌ను, దాని మధ్య మందం ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువ వేసుకున్నా, ఈ చిన్న ఫ్రేమ్‌లో పెడితే అంచు 5.1 దగ్గర ఆగుతుంది. పెద్ద ఫ్రేమ్‌లో 1.74కీ దానికీ దాదాపు తేడా లేదు. ఇవి అంచనా లెక్కలే. అద్దం ఆకారం, లెన్స్ డిజైన్ బట్టి కొద్దిగా అటూ ఇటూ కావచ్చు. ఏ ఫ్రేమ్ కంటే ఏది పల్చన అన్న వరస మాత్రం మారదు.

బరువు సంగతీ ఒకటుంది. ఇండెక్స్ పెరిగితే లెన్స్ పల్చనవుతుంది గానీ 1.74 పదార్థం 1.60 కంటే చిక్కనిది, ఘన సెంటీమీటరుకు సుమారు 1.47 గ్రాములు. 1.60 అయితే 1.30 దగ్గర. పల్చదనంలో వచ్చిన లాభం కొంత అక్కడ తిరిగిపోతుంది. పైగా 1.67, 1.74లలో పక్కకు చూసినప్పుడు అక్షరాల అంచున సన్నగా రంగులు కనపడే అవకాశం 1.60 కంటే ఎక్కువ. పాలీకార్బొనేట్‌లోనూ అంతే. అది గట్టిది కాబట్టి పిల్లలకూ, ఆటలాడేవారికీ మంచిది, స్క్రీన్ ముందు కూర్చునే మీకు అదేమీ పెద్ద ఆకర్షణ కాదు. నా మాట అడిగితే, మైనస్ 4.50కి 48-50 వెడల్పు ఫ్రేమ్‌లో 1.60 చాలు. ఆ చదరపు ఫ్రేమే కావాలని మనసు పట్టుబడితే 1.67 దాకా వెళ్లండి, 1.74 మాత్రం మైనస్ 7, 8 దాటినవాళ్లకు వదిలేయండి.

ఫ్రేమ్ ధర విషయంలో ఒక్కమాట. పేరుకూ, ఫ్యాషన్‌కూ ఇచ్చే డబ్బు మీ ఇష్టం, అది చూపును మార్చదు. కానీ రిమ్ లేని ఫ్రేమ్ తీసుకుంటే అద్దానికి రంధ్రాలు వేయాలి. మామూలు 1.50 ప్లాస్టిక్ అక్కడ పగుళ్లిస్తుంది కాబట్టి గట్టి పదార్థమే కొనాల్సి వస్తుంది. ఫ్రేమ్ చవకగా దొరికినా లెన్స్ ఖర్చు పెరుగుతుంది.

కోటింగుల దగ్గరకొద్దాం. యాంటీ గ్లేర్‌కు డబ్బు పెట్టొచ్చు, అందులో సందేహం లేదు. కోటింగ్ లేని 1.50 లెన్స్ రెండు ముఖాల మీదా కలిపి దాదాపు 8 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది, 1.67 అయితే 12 శాతం దాకా. మంచి యాంటీ గ్లేర్ దాన్ని ఒకటి రెండు శాతానికి దించుతుంది. రాత్రి డ్రైవింగ్‌లో దీపాల చుట్టూ కనిపించే నీడబొమ్మలు తగ్గడం, అవతలివాళ్లకు మీ కళ్లు కనపడటం దీని పనే. హై ఇండెక్స్ లెన్స్‌లో ఇది చాలాసార్లు ధరలోనే కలిసి ఉంటుంది, కాబట్టి విడిగా మళ్లీ కట్టకండి. ఈ పొర వేడికి పాడవుతుంది. నేను ఒక వేసవిలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద కళ్లజోడు మర్చిపోయి, సాయంత్రానికి అద్దమంతా సాలెగూడులా సన్నటి పగుళ్లు చేసుకున్నాను. కోటింగ్‌ల పేర్లు పోల్చే కంటే దానికి ఎన్నాళ్లు గ్యారంటీ ఇస్తున్నారో, గీతలు పడితే మారుస్తారో లేదో పోల్చండి.

యూవీ పేరుతో విడిగా అడిగితే ఒప్పుకోవద్దు. 1.60, 1.67, 1.74, పాలీకార్బొనేట్ పదార్థాలే అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతాయి. ఆ ప్రశ్న తలెత్తేది మామూలు 1.50లో మాత్రమే.

స్క్రీన్ నీలి వెలుతురును ఆపుతుందని అమ్మే బ్లూ కట్‌కు మీ డబ్బు అక్కర్లేదు. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షలో 17 ప్రయోగాలను కలిపి చూస్తే, కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసటకు మామూలు లెన్స్‌తో పోలిస్తే బ్లూ కట్ తక్కువ కాలంలో తేడా చూపే అవకాశం లేదని తేలింది. మీ కళ్లు లాగడానికి అసలు కారణం స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు వాల్చడం తగ్గిపోవడం, దగ్గరి చూపులోనే గంటల తరబడి ఉండిపోవడం. లెన్స్ పొరతో రెప్పలు వాలవు.

ఇక ఆన్‌లైన్. సగం ధర అన్నప్పుడు రెండు చోట్లా ఒకే వస్తువును పోలుస్తున్నారో లేదో ముందు చూసుకోండి. ఆన్‌లైన్‌లో పైన కనపడే ధర చాలాసార్లు ఫ్రేమ్, 1.50 లెన్స్‌కే. 1.74 ఎంచుకున్న క్షణం బిల్లు ఎక్కడికో పోతుంది. కాబట్టి షాపులోనూ, ఆన్‌లైన్‌లోనూ ఫ్రేమ్ ధర విడిగా, ఇండెక్స్‌తో సహా లెన్స్ ధర విడిగా, కోటింగ్ విడిగా అడిగి పక్కపక్కన రాసుకోండి. 1.60కి దిగి, బ్లూ కట్, యూవీ తీసేశాక తేడా మీరనుకున్నంత మిగలకపోవచ్చు. మిగిలితే, మీకు ఆన్‌లైన్ సరిపోతుంది. ఒకే పవర్ లెన్స్, ఓ మోస్తరు సైటు, తెలిసిన పీడీ, ఇంతకుముందు వాడి కొలతలు తెలిసిన ఫ్రేమ్ సైజు ఉంటే అక్కడ నిజంగా ఆదా అవుతుంది. రెండో జతకైతే మరీనూ.

దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో చూపే ప్రోగ్రెసివ్ లెన్స్‌లు, చూపును పక్కకు జరిపే ప్రిజం రాసిన చీటీలు, మైనస్ 6 దాటిన పవర్, పిల్లల కళ్లజోళ్లు మాత్రం షాపులోనే. ప్రోగ్రెసివ్‌లో ఎత్తు కొలత ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా చదివే చోటు కంటికి అందదు. దాన్ని ఫ్రేమ్ ముఖం మీద పెట్టి కొలవాలి. చవకగా తెప్పించి మళ్లీ చేయించుకుంటే రెండు ధరలూ మీవే.

పీడీ తప్పితే ఏమవుతుందో మీ పవర్‌తోనే చెబుతాను. కొన్ని సైట్లు పీడీ ఇవ్వకపోతే సగటు కొలత వేస్తాయి. మీ 62 బదులు 66 వేసి చేశారనుకోండి. ఒక్కో కంటికి 2 మిల్లీమీటర్ల తేడా. దాన్ని సెంటీమీటర్లలో 0.2గా మార్చి 4.50తో గుణిస్తే 0.9, రెండు కళ్లకూ కలిపి 1.8 ప్రిజం. ఆ మేరకు కళ్లు అదనంగా సర్దుకుంటూ ఉండాలి. మైనస్ 1 ఉన్న మనిషికి అదే తప్పు 0.4 మాత్రమే, గుర్తు కూడా పట్టరు. 2011లో అమెరికాలో ఆన్‌లైన్‌లో తెప్పించిన 154 కళ్లజోళ్లను పరీక్షిస్తే 44.8 శాతం ఏదో ఒక కొలతలోనో, దెబ్బ తట్టుకునే పరీక్షలోనో తప్పాయి. అందుకని వచ్చినదాన్ని సరిచూసుకోవడం మానకండి.

ఇంట్లోనే చూడొచ్చు. గోడ మీద నిలువు గీత ఉన్న చోట, తలుపు అంచైనా సరే, కళ్లజోడును చేతికందే దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి ఒక అద్దంలోంచి చూస్తూ అటూ ఇటూ జరపండి. గీత అద్దం లోపలా బయటా విరగకుండా ఒకే వరసలో కనపడిన చోట మార్కర్‌తో చుక్క పెట్టండి. రెండో అద్దానికీ అంతే. రెండు చుక్కల మధ్య దూరం స్కేలుతో కొలవండి. మీకు 62 దగ్గర రావాలి. 2 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే తిప్పి పంపండి. సిలిండర్ లేదు కాబట్టి ఈ పద్ధతి మీకు చక్కగా పనిచేస్తుంది. పవర్ సరిచూడటానికి మాత్రం లెన్సోమీటర్ ఉన్న ఏ కళ్లద్దాల షాపుకైనా తీసుకెళ్లాలి, నిమిషం పని.

కొత్త కళ్లజోడు పెట్టుకున్నాక మొదటి రెండు మూడు రోజులు నేల కాస్త వంగినట్టు అనిపించడం మామూలే. వారం దాటినా తలనొప్పి, రెండుగా కనపడటం, మెట్లు దిగేటప్పుడు తడబాటు ఉంటే అలవాటు పడతాననుకోకండి, ఆ కళ్లజోడును చీటీతో సహా కంటి డాక్టరుకు చూపించండి. చీటీ ఏడాది దాటిందైతే ఆర్డర్ పెట్టే ముందే సైటు మళ్లీ పరీక్షించుకోండి.