షేరు ధర, డివిడెండు నుంచి వృద్ధి రేటు తీయడం ఎలా?

భీమవరం వైపు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ షేరు 500 రూపాయలు ఉంది, ఇప్పుడే 10 రూపాయల డివిడెండు ఇచ్చింది. ఈ ధరలో ఎంత వృద్ధి లెక్కలో ఉందో తెలుసుకోవచ్చా?

వాటాదారులు ఏటా 12 శాతం రాబడి కోరుతున్నారని అనుకుంటే, డివిడెండు ఎప్పటికీ ఏటా సుమారు 9.8 శాతం పెరుగుతుందని ఆ ధర చెబుతోంది.

వచ్చే ఏడాది డివిడెండును, కోరే రాబడికీ వృద్ధికీ మధ్య తేడాతో భాగిస్తే ధర వస్తుంది. g వృద్ధి రేటు, r కోరే రాబడి, P షేరు ధర, D0 ఇప్పుడే ఇచ్చిన డివిడెండు అనుకుని దాన్నే తిరగేస్తే:

```
g = (r × P − D0) / (P + D0)
  = (0.12 × 500 − 10) / 510 = 0.098
```

చాలామంది 12లోంచి నేటి డివిడెండు శాతం 2 తీసేసి 10 అంటారు. సూత్రానికి కావలసింది ఇచ్చేసిన డివిడెండు కాదు, రాబోయేది. 10 శాతం పెట్టి సరిచూడండి: 11ని 0.02తో భాగిస్తే 550 వస్తుంది. చిన్న తేడాకే యాభై రూపాయలు!

వృద్ధి ముందే అనుకుంటే రాబడి వస్తుంది: 8 శాతమైతే 10.80ని 500తో భాగించి (2.16 శాతం) 8 కలపాలి, అంటే 10.16 శాతం. సమీకరణం ఒక్కటే, తెలియనివి రెండు. కాబట్టి ఒకటి మీరే ఊహించాలి. వచ్చినది మార్కెట్ జోస్యం కాదు, మీ ఊహకు జత మాత్రమే.

పైగా శాశ్వతంగా 9.8 శాతమంటే అనుమానించాల్సిందే. రొయ్య ధర బాగున్న ఏడాది ఇచ్చిన ప్రత్యేక డివిడెండును D0లో కలిపితే వృద్ధి నిజానికంటే తక్కువగా కనిపిస్తుంది.