నాభులు, ఉత్కేంద్రత ఇస్తే దీర్ఘవృత్త సమీకరణం: నాభిలంబం రెట్టింపు ఎందుకు వస్తోంది?

ప్రశ్న: ఎక్సర్‌సైజ్ ఫోటో పెట్టాను. నాభులు (1, −2), (1, 6), ఉత్కేంద్రత 2/3 అయిన దీర్ఘవృత్త సమీకరణం, అక్షాల పొడవులు, నాభిలంబం పొడవు కనుక్కోవాలి. మొదటి నాభిలో మైనస్ ఉందనే అనుకుంటున్నా, పేజీ మడత పడి సరిగ్గా కనబడట్లేదు. నాకు సమీకరణం (x − 1)²/144 + (y − 2)²/80 = 1, నాభిలంబం 40/3 వస్తున్నాయి. పుస్తకం వెనక నాభిలంబం 20/3 అని ఉంది. ఎక్కడ తప్పు పోయింది?

జవాబు: మీ జవాబు సరిగ్గా రెట్టింపు వచ్చింది, అదే అసలు క్లూ. నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకి ట్యూషన్ చెప్తాను, ఈ పాఠంలో ఎవరి జవాబైనా రెట్టింపో సగమో వచ్చిందంటే ముందు చూసేది నాభుల మధ్య దూరాన్ని దేనికి సమానం చేశారన్నదే. రెండు నాభుల మధ్య దూరం 6 − (−2) = 8. ఇది 2ae. మీరు దీన్ని ae గా తీసుకున్నారు, అందుకే a = 12 వచ్చింది. నిజానికి ae = 4, e = 2/3 కాబట్టి a = 6.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే ఆ మైనస్ సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. ఉత్కేంద్రత అనేది దీర్ఘవృత్తం ఆకారాన్ని మాత్రమే చెప్తుంది, ఎంత పెద్దదో చెప్పదు, పెద్దదా చిన్నదా అన్నది నాభుల మధ్య దూరం చెప్తుంది. నాభిలంబం 2a(1 − e²) కదా, e మారనంతవరకు a ఎన్ని రెట్లు పెరిగితే నాభిలంబం కూడా అన్ని రెట్లే పెరుగుతుంది. ఫోటోలో మైనస్ లేకుండా (1, 2) అని ఉందనుకోండి, దూరం 4, a = 3, నాభిలంబం 10/3 అయ్యేది. వెనక 20/3 అని ఉంది కాబట్టి దూరం 8 కావాలి, మైనస్ ఉన్నట్టే. (ఇలా జవాబు చూసి ప్రశ్న సరిచూసుకోవడం ఇంట్లో ఓకే, పరీక్షలో మాత్రం కుదరదు.)

ఇప్పుడు b. కేంద్రం రెండు నాభుల మధ్యబిందువు, అంటే (1, 2), అది మీరు సరిగ్గానే రాశారు. హ్రస్వాక్షం చివరి బిందువు నుంచి ఒక నాభికి గీత గీయండి. ఆ బిందువు రెండు నాభులకీ సమాన దూరంలో ఉంటుంది, రెండు దూరాల మొత్తం 2a కాబట్టి ఒక్కో దూరం a, అంటే 6. కేంద్రం నుంచి నాభికి 4. లంబకోణ త్రిభుజంలో కర్ణం 6, ఒక భుజం 4 అయితే మిగిలిన భుజం వర్గం 36 − 16 = 20. ఇదే b². సూత్రం మర్చిపోయినా ఈ త్రిభుజం గుర్తుంటే చాలు, అతిపరావలయంతో కలిపేసి ప్లస్ పెట్టే ప్రమాదం ఉండదు, ఎందుకంటే కర్ణం కన్నా భుజం పెద్దది కాలేదు కదా.

కాబట్టి దీర్ఘాక్షం పొడవు 12, హ్రస్వాక్షం పొడవు 2√20 = 4√5, నాభిలంబం 2b²/a = 40/6 = 20/3.

ఇంతటితో అయిపోలేదు, మీ దాంట్లో రెండో తప్పు కూడా ఉంది, దాన్ని నాభిలంబం పట్టించదు. పెద్ద సంఖ్యని x కింద పెట్టారు. నాభులు రెండింటికీ x నిరూపకం 1 కాబట్టి అవి x = 1 అనే నిలువు గీత మీద ఉన్నాయి, దీర్ఘాక్షం నిలువుగా ఉంది, అప్పుడు 36 అనేది y కింద ఉండాలి:

(x − 1)²/20 + (y − 2)²/36 = 1

36, 20 అటూ ఇటూ అయినా అక్షాల పొడవులు, నాభిలంబం అవే వస్తాయి, సమీకరణం మాత్రం తప్పు. అందుకే వెనక జవాబుతో నాభిలంబం ఒక్కటి కలిసిందని ఊరుకోకూడదు.

ఈ గందరగోళానికి మన పుస్తకాల పద్ధతి కూడా కొంత కారణం అని నాకనిపిస్తుంది. తెలుగు అకాడమీ పుస్తకంలో x కింద ఎప్పుడూ a², y కింద ఎప్పుడూ b² ఉంటాయి, దీర్ఘాక్షం నిలువుగా ఉంటే b > a అంటారు, అప్పుడు నాభిలంబం 2a²/b అవుతుంది. ఎన్‌సీఈఆర్‌టీలో అలా కాదు, పెద్దది ఎప్పుడూ a నే, నిలువు దీర్ఘవృత్తానికి a² ని y కిందకి మారుస్తారు. నేను పైన చేసింది ఈ రెండోది. ఒక పుస్తకంలో పాఠం చదివి, ఇంకో పద్ధతిలో చెప్పిన వీడియో చూసి లెక్క చేస్తే సూత్రాలు కలిసిపోతాయి. అకాడమీ పద్ధతిలో రాయాలంటే be = 4, b = 6, a² = b²(1 − e²) = 20, నాభిలంబం 2a²/b = 20/3. సంఖ్యలు అవే, అక్షరాలే మారాయి. ఏదైనా ఒకటి పట్టుకోండి, ఒకే లెక్కలో రెండూ కలపొద్దు.

సరిచూసుకోవడానికి నేను పిల్లలతో చేయించేది నాభిలంబం చివరి బిందువు. పై నాభి (1, 6) నుంచి అడ్డంగా 10/3 దూరం వెళ్తే దీర్ఘవృత్తం మీదకి రావాలి. x − 1 = 10/3, y − 2 = 4 పెట్టి చూస్తే (100/9)/20 + 16/36 = 5/9 + 4/9 = 1, సరిపోయింది. సంఖ్యల్ని తారుమారు చేసి (x − 1)²/36 + (y − 2)²/20 = 1 అని రాసుంటే ఇదే బిందువుకి 100/324 + 16/20 వస్తుంది, అది 1.1 దాటిపోతుంది, అంటే తప్పు అక్కడే దొరికిపోతుంది.

మీ సమీకరణాన్ని వేరేలా కూడా పరీక్షించొచ్చు. అందులో (13, 2) అనే బిందువు ఉంది, దాని నుంచి ఒక్కో నాభికి దూరం √160, మొత్తం దాదాపు 25.3. కేంద్రానికి పైన ఉన్న బిందువు (1, 2 + √80) నుంచి నాభులకి దూరాల మొత్తం 2√80, దాదాపు 17.9. ఈ మొత్తం ప్రతి బిందువుకీ ఒకటే ఉండాలి, ఇక్కడ లేదు కాబట్టి ఇచ్చిన బిందువులు ఆ వక్రానికి నాభులే కావు.

ఒకవేళ మీ పుస్తకం వెనక సమీకరణం విడదీసిన రూపంలో ఉంటే కంగారు పడకండి. పై సమీకరణాన్ని 180 తో గుణిస్తే 9(x − 1)² + 5(y − 2)² = 180, దాన్ని విస్తరిస్తే 9x² + 5y² − 18x − 20y − 151 = 0. రెండూ ఒకటే.